తుంపర, ఉక్కపోత, వడగాలి: ఇంగ్లీషులో సహజంగా ఎలా చెప్పాలి?

మా పెద్దమ్మ కాకినాడలో ఉంటుంది. ఆమె మనవడు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టి పెరిగాడు. వాడికి తెలుగు చదవడం రాదు. అందుకని పెద్దమ్మ ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి నాకు పంపుతుంది, నేను ఇంగ్లీషులోకి మార్చి వాడికి పంపుతాను. ఒక జూన్ నెలలో వచ్చిన మెసేజ్ ఇది:

'ఇక్కడ మొన్నటి దాకా ఒకటే వడగాలి. మీ తాతయ్యకి వడదెబ్బ తగిలి రెండు రోజులు మంచం దిగలేదు. ఇవాళ పొద్దుటి నుంచి మబ్బు పట్టింది. ఆకు కదలట్లేదు, ఉక్కపోసి చస్తున్నాం. సాయంత్రం నాలుగు చినుకులు రాలి ఊరుకున్నాయి. దాంతో ఇంకా ఉడికిపోతోంది. మీ ఊళ్ళో ఎప్పుడూ ముసురేనట కదా, గొడుగు మర్చిపోకు.'

ఇంత చిన్న మెసేజ్‌లో వాతావరణం మాటలు ఆరు ఉన్నాయి. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఒక్కోదానికీ ఒక్కో ఇంగ్లీషు మాట అతికిస్తే వాక్యాలు తయారవుతాయి గానీ, అది చదివిన మాంచెస్టర్ కుర్రాడికి కాకినాడలో ఏం జరుగుతోందో తెలియదు. చినుకుకీ డ్రిజిలే, తుంపరకీ డ్రిజిలే, ముసురుకీ డ్రిజిలే అని రాసి ఉంటుంది. మన చెవికి ఆ మూడూ మూడు వేర్వేరు రోజులు. ఈ మెసేజ్‌ని దగ్గర పెట్టుకునే ఒక్కో అడుగూ వేద్దాం. చివర్లో మొత్తం ఇంగ్లీషులోకి మారుద్దాం.

మొదటి అడుగు: వాక్యం మొదట్లో 'ఇట్' పెట్టండి

పదాల కంటే ముందు వాక్యం సంగతి చూడాలి. తెలుగులో వాన 'పడుతుంది', 'వస్తుంది', 'కురుస్తుంది', 'కొడుతుంది'. వాన అనేది ఒక వస్తువు, అది ఏదో పని చేస్తుంది. ఇంకొన్నిసార్లు కర్తే ఉండదు. 'ఉక్కపోస్తోంది' అంటాం. ఎవరు పోస్తున్నారో, ఏది పోస్తోందో చెప్పం, చెప్పక్కర్లేదు. ఇంగ్లీషుకి మాత్రం కర్త లేకుండా వాక్యం నిలబడదు. అందుకని వాతావరణం మాట్లాడేటప్పుడు వాళ్ళు 'ఇట్' అనే మాటని ముందు నిలబెడతారు. 'ఇట్స్ రెయినింగ్', 'ఇట్స్ డ్రిజ్లింగ్', 'ఇట్స్ మగ్గీ', 'ఇట్స్ బాయిలింగ్'. ఆ 'ఇట్'కి 'అది' అన్న అర్థం ఏమీ లేదు, దాన్ని వెతకొద్దు.

మనలో చాలామంది 'రెయిన్ ఈజ్ కమింగ్' అంటారు, 'వాన వస్తోంది'ని ఉన్నదున్నట్లు దింపి. తెలుగులో ఆ మాటకి రెండు అర్థాలు ఉన్నాయి: ఇప్పుడు పడుతోంది అని ఒకటి, పడబోతోంది అని ఇంకొకటి. ఇంగ్లీషువాళ్ళకి రెండోది మాత్రమే అర్థమవుతుంది. మీరు తడుస్తూ నిలబడి ఫోన్‌లో 'రెయిన్ ఈజ్ కమింగ్' అంటే, అవతలివాళ్ళు మీకింకా టైమ్ ఉందనుకుంటారు. తడుస్తుంటే 'ఇట్స్ రెయినింగ్' అనండి. మబ్బులు చూసి 'వాన పడేలా ఉంది' అనాలనుకుంటే 'ఇట్ లుక్స్ లైక్ రెయిన్' అనండి.

ఉక్కపోతతో ఇంకో పొరపాటు జరుగుతుంది. 'ఇట్ ఈజ్ స్వెటింగ్' అంటారు. స్వెటింగ్ అంటే చెమట పట్టడం, అది మనిషికి పడుతుంది. కాబట్టి ఒంటి గురించి అయితే 'అయామ్ స్వెటింగ్', గాలి గురించి అయితే 'ఇట్స్ మగ్గీ'. ఈ రెండింటినీ కలపకుండా చూసుకుంటే చాలా వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

రెండో అడుగు: చినుకు ఎంతుంది, ఎంతసేపు పడింది?

చిన్న వాన గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు పదం వెతికే ముందు ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి.

వాతావరణ శాస్త్రంలో డ్రిజిల్‌కి కచ్చితమైన కొలత ఉంది. చుక్క అడ్డుకొలత 0.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండాలి, చుక్కలు దగ్గర దగ్గరగా పడాలి. కిందుగా పరుచుకున్న మబ్బు నుంచి అది నెమ్మదిగా, దాదాపు గాల్లో తేలుతున్నట్లు దిగుతుంది. కొలబద్ద అక్కర్లేకుండా గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. వాకిట్లో నిలిచిన నీళ్ళను చూడండి. చుక్క పడినచోట వలయం లేచి చుట్టూ పాకితే అది వాన చినుకు. పైన ఏదో పడుతున్నట్లు చెంపలకి తెలుస్తోంది గానీ నీళ్ళ మీద అలికిడి లేదంటే అది డ్రిజిల్. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకి ఇంకా సులువు. అద్దాల మీద పిండి చల్లినట్లు సన్నటి చుక్కలు పేరుకుంటాయి.

ఇదే మన తుంపర. తెలంగాణలో చాలాచోట్ల తుప్పర అంటారు. 'తుంపర పడుతోంది' అంటే 'ఇట్స్ డ్రిజ్లింగ్', ఇక్కడ లెక్క సరిపోయింది. కానీ తుంపరకి తెలుగులో పరిధి పెద్దది. తుమ్మినప్పుడు పడేవి తుంపరలే, అల రాతిని కొట్టినప్పుడు ఎగిరేవీ తుంపరలే. వాటికి డ్రిజిల్ అనరు. తుమ్ముకి 'డ్రాప్‌లెట్స్', అలకి 'స్ప్రే'. ఆర్కే బీచ్‌లో నిలబడి 'డ్రిజిల్ ఫ్రమ్ ద సీ' అంటే వినేవాళ్ళు ఆకాశం వైపు చూస్తారు.

చినుకు సంగతి వేరు. చినుకు అంటే ఒక చుక్క. అది పెద్దదీ కావచ్చు, చిన్నదీ కావచ్చు. వేసవిలో మబ్బు పట్టి, దుమ్ము లేచి, దూరం దూరంగా పెద్ద పెద్ద చినుకులు నాలుగు టపటపా పడి ఆగిపోతాయి చూడండి, దాన్ని డ్రిజిల్ అంటే తప్పు. ఆ చుక్కల్లో సన్నతనమే లేదు. దానికి 'ఎ ఫ్యూ డ్రాప్స్' అంటారు, బ్రిటన్‌లో 'ఎ ఫ్యూ స్పాట్స్ ఆఫ్ రెయిన్' అని కూడా అంటారు. 'నాలుగు చినుకులు పడ్డాయి' అంటే 'వి హ్యాడ్ ఎ ఫ్యూ డ్రాప్స్'. మన 'నాలుగు' లెక్కపెట్టిన నాలుగు కాదు కాబట్టి 'ఫోర్ డ్రాప్స్' అని రాయొద్దు. చినుకులు అప్పుడే మొదలైతే బ్రిటన్‌లో 'ఇట్స్ స్పిటింగ్' అంటారు, అమెరికాలో 'ఇట్స్ స్ప్రింక్లింగ్' అంటారు. స్పిట్ అంటే ఉమ్మడం కదా అని మనకు ఎబ్బెట్టుగా అనిపిస్తుంది గానీ, అక్కడ అది ఇంట్లో అందరూ వాడే మామూలు మాట.

జల్లుకి 'షవర్' చక్కగా సరిపోతుంది. రెండూ హఠాత్తుగా వచ్చి కాసేపట్లో పోయేవే. 'సాయంత్రం ఒక జల్లు పడింది' అంటే 'వి హ్యాడ్ ఎ షవర్ ఇన్ ది ఈవినింగ్'. ఇక్కడ 'హ్యాడ్ ఎ షవర్' అంటే స్నానం చేశామన్న అర్థం కూడా ఉంది కాబట్టి, అనుమానం లేకుండా 'దేర్ వాజ్ ఎ షవర్' అంటే మంచిది. జల్లుకి ఇంట్లో ఇంకో వాడుక ఉంది. 'జల్లు కొడుతోంది, ఆ కిటికీ వెయ్యి' అంటాం. అప్పుడు జల్లు అంటే వాన రకం కాదు, గాలికి ఇంట్లోకి వచ్చే నీళ్ళు. ఇక్కడ షవర్ అనే మాటే రాకూడదు. 'షట్ ద విండో, ద రెయిన్స్ కమింగ్ ఇన్.' ఇందాక వద్దన్న 'రెయిన్ ఈజ్ కమింగ్' పక్కన 'ఇన్' చేరేసరికి ఎంత సహజంగా మారిపోయిందో చూడండి.

ముసురు మాటకి నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి, రెండు మూడు రోజులు సూర్యుడు కనపడకుండా, బట్టలు ఆరకుండా, ఒకసారి సన్నగా ఒకసారి కాస్త గట్టిగా పడుతూనే ఉండే స్థితి అది. చుక్క సైజు మీద పెట్టిన పేరు కాదు, అదొక వ్యవధి. అందుకే ఏ ఒక్క ఇంగ్లీషు నామవాచకమూ సరిపోదు. క్రియలో మాత్రం అచ్చంగా దొరుకుతుంది: 'ద రెయిన్స్ సెట్ ఇన్.' 'ముసురు పట్టింది'లో పట్టు ఎలా ఉందో, 'సెట్ ఇన్'లో అదే పట్టు ఉంది. వచ్చింది, ఇప్పట్లో కదలదు అని. మూడు రోజులుగా పట్టి ఉన్న ముసురు గురించి చెప్పేటప్పుడు 'ఇట్స్ బీన్ డ్రిజ్లింగ్ ఆన్ అండ్ ఆఫ్ ఫర్ త్రీ డేస్' అంటే బాగుంటుంది. 'తెరిపి ఇచ్చింది' అంటే 'ఇట్స్ లెట్ అప్'. 'తెరిపి లేకుండా' అంటే 'వితౌట్ ఎ బ్రేక్'. వాన పూర్తిగా వెలిస్తే 'ఇట్స్ స్టాప్డ్', అంతే.

వార్తల భాష గురించి ఒక్క మాట. బులెటిన్‌లో 'తేలికపాటి వర్షం' అని వస్తే దాన్ని డ్రిజిల్ చేయకండి. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల వర్షం పడితే తేలికపాటి వర్షం. 15 మిల్లీమీటర్లు పడితే వీధిలో నీళ్ళు పారతాయి. దానికి 'లైట్ రెయిన్' అనే రాయాలి.

మూడో అడుగు: గాలిలో తేమ ఉందా, గాలి కదులుతోందా?

ఉక్కపోతకి నిఘంటువులో సాధారణంగా 'సల్ట్రీ' అని కనపడుతుంది. స్కూల్లో మాకూ అదే నేర్పారు. అర్థం తప్పు కాదు గానీ, మామూలు మాటల్లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని వాతావరణానికి తక్కువగా వాడతారు. పుస్తకాల్లో కనపడుతుంది. పైగా ఆ మాటకి శృంగారపరమైన అర్థం ఇంకొకటి ఉంది. ఆఫీసు కాల్‌లో 'ఇట్స్ వెరీ సల్ట్రీ హియర్' అనడం కన్నా వేరే మాట వాడటం మేలు.

రోజూ వాడుకునే మాట 'మగ్గీ'. టైప్ చేసేటప్పుడు ఎమ్, యు, రెండు జీలు, వై. వేడీ తేమా కలిసి చికాకు పెట్టే గాలికి అదే మాట. మన 'ఉక్కగా ఉంది'కి 'ఇట్స్ మగ్గీ' పక్కాగా సరిపోతుంది. తెలంగాణ 'ఉడకపోత'కీ అదే. 'హ్యూమిడ్' కూడా తప్పు కాదు, ఎవరికైనా అర్థమవుతుంది. కాకపోతే అది కొంచెం వివరం చెప్పినట్లు ఉంటుంది, మగ్గీలో విసుగు వినపడుతుంది.

ఉక్కపోతలో మనం ఏ భాగం గురించి బాధపడుతున్నామో బట్టి మాట మారుతుంది. ఒంటికి బట్టలు అంటుకుని జిడ్డుగా ఉందంటే 'స్టికీ'. 'ఇట్స్ సో స్టికీ టుడే' అంటే గాలీ, ఒళ్ళూ రెండూ అందులో ఉన్నాయి. గాలి స్తంభించి, ఆకు కదలక, ఊపిరి ఆడనట్లు ఉంటే బ్రిటన్‌లో 'ఇట్స్ క్లోస్' అంటారు. వాన ముందు మబ్బు మూసుకున్నప్పటి ఉక్కకి ఇంతకన్నా మంచి మాట లేదు. ఉచ్చారణ మాత్రం జాగ్రత్త. తలుపు మూయడానికి 'క్లోజ్', దీనికి 'క్లోస్', దగ్గర అనే అర్థంలో ఎలా పలుకుతామో అలా. అమెరికా వాళ్ళకి ఈ వాడుక అంతగా తెలియదు. వాళ్ళతో అయితే 'దేర్స్ నో బ్రీజ్ ఎట్ ఆల్' అనండి. ఇక గది లోపలి సంగతి వేరు. తలుపులన్నీ వేసి, ఫ్యాన్ ఆగి, గాలాడకపోతే అది 'స్టఫీ'. బయటి వాతావరణానికి స్టఫీ అనరు. 'ఎయిర్ ఈజ్ నాట్ కమింగ్' అనేది పూర్తిగా మన తయారీ. 'ఇట్స్ స్టఫీ ఇన్ హియర్' అంటే సరిపోతుంది.

ఒక మాట మాత్రం ఉక్కపోత దగ్గరికి రానివ్వద్దు: 'డ్యాంప్'. తేమ అంటే డ్యాంప్ అని నేర్చుకున్నవాళ్ళు 'ద వెదర్ ఈజ్ డ్యాంప్' అని రాస్తారు. చదివిన ఇంగ్లీషు మనిషికి చలి వేస్తుంది. డ్యాంప్‌లో చల్లదనం ఉంది. అది మన చెమ్మ, నెమ్ము. వానాకాలంలో గోడకి పట్టేది, ఆరని తువాలుకి ఉండేది. మే నెల విజయవాడకి అది అంటదు.

ఇప్పుడు అంకెల సంగతి. వాతావరణం యాప్‌లో తేమ శాతం చూసి 'హ్యూమిడిటీ ఈజ్ 90 పర్సెంట్' అని చెబుతాం. ఆ శాతం తెల్లవారుజామున బాగా ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ కనిపిస్తుంది. ఉక్కపోత మాత్రం మధ్యాహ్నమే ప్రాణం తీస్తుంది. కారణం ఏమిటంటే, వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ శాతం చెప్పేది, ఆ వేడి దగ్గర గాలి మోయగలిగినదాంట్లో ఎంత భాగం నిండిందని మాత్రమే. అందుకని ఒక్క శాతం చెబితే అవతలివాళ్ళకి ఏమీ తెలియదు, ఉష్ణోగ్రత కూడా కలిపి చెప్పాలి.

ఒక లెక్క చూద్దాం. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం. అమెరికా వాతావరణ సంస్థ వాడే హీట్ ఇండెక్స్ సూత్రంలో వేస్తే, ఒంటికి తెలిసే వేడి దాదాపు 46 డిగ్రీలు వస్తుంది. రామగుండంలో 44 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. అక్కడ వచ్చేది సుమారు 45. థర్మామీటర్‌లో పది డిగ్రీల తేడా ఉన్నా ఒంటికి రెండూ ఇంచుమించు ఒకటే. కారణం చెమట. రామగుండం పొడిగాలికి అది పట్టీ పట్టగానే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. విశాఖలో ఆరదు, కారుతుంది. కాబట్టి విశాఖ నుంచి ఫోన్‌లో మాట్లాడుతూ 'ఇట్స్ 34' అని ఊరుకుంటే అన్యాయం. 'ఇట్స్ 34 బట్ ఇట్ ఫీల్స్ లైక్ 46' అనండి. ఈ 'ఫీల్స్ లైక్' యాప్‌లు నేర్పిన మాటే అయినా ఇప్పుడు అందరి నోటా ఉంది.

మనం 'ఉడికిపోతోంది', 'ఉడికిపోతున్నాం' అంటాం. దీనికి 'బాయిలింగ్' దొరకడం మన అదృష్టం. 'అయామ్ బాయిలింగ్' అంటే ఉడికిపోతున్నాననే. నీరసం వచ్చేంత ఉక్క, వేడి కలిసి ఉంటే 'స్వెల్టరింగ్'. 'ఉక్కపోసి చస్తున్నాం' అన్నదానికి నేను ఎక్కువగా వాడేది ఇదే.

నాలుగో అడుగు: ఎండ గురించా, గాలి గురించా, ఆ రోజుల గురించా?

ముందు ఎండ. 'ఇవాళ ఎండగా ఉంది' అని మనం మొహం చిట్లించి చెబుతాం. దాన్ని 'ఇట్స్ సన్నీ టుడే' అని మారిస్తే మాంచెస్టర్‌లో ఉన్నవాడు 'లక్కీ యూ' అంటాడు. నాకు నిజంగానే ఆ జవాబు వచ్చింది. వాళ్ళకి సన్నీ అంటే సంతోషకరమైన మాట. ఎండ కోసం ఎదురుచూసే దేశం అది. మన భాషలో ఎండ అంటే వెలుగు, వేడి, తీవ్రత మూడూ కలిసిన ముద్ద, అందులో ఫిర్యాదు కూడా కలిసే ఉంటుంది. 'ఎండ మండిపోతోంది' అన్నప్పుడు 'ఇట్స్ స్కార్చింగ్' లేదా 'ఇట్స్ బేకింగ్' అనండి. ఈ రెండూ పొడి ఎండకి నప్పుతాయి. రెంటచింతలకీ, రామగుండానికీ సరిగ్గా సరిపోతాయి. 'ఎండలో తిరగకు' అంటే 'స్టే అవుట్ ఆఫ్ ద సన్'. 'డోంట్ రోమ్ ఇన్ ద సన్‌లైట్' అనేది వాడొద్దు. సన్‌లైట్ అంటే వెలుతురు, అది వడదెబ్బ కొట్టదు.

వడగాలి దగ్గర అసలు చిక్కు ఉంది. వడ అంటే ఎండ తాపం, దానితో కలిసిన గాలి వడగాలి. మధ్యాహ్నం బైక్ మీద వెళ్తుంటే మొహానికి సెగలా కొట్టేది. ఇది గాలి. ఇంగ్లీషు 'హీట్‌వేవ్'లో గాలి లేదు. వేవ్ అంటే ఇక్కడ కొన్నాళ్ళ పాటు వచ్చిపోయే ఉధృతి. అయితే మన పత్రికలు, ప్రభుత్వ హెచ్చరికలు హీట్‌వేవ్‌కి తెలుగు మాటగా 'వడగాల్పులు' స్థిరపరిచాయి. కాబట్టి ఒకే తెలుగు మాట వెనక రెండు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. 'నేడు 30 మండలాల్లో వడగాల్పులు' అన్న తరహా వార్త అయితే 'హీట్‌వేవ్'. 'బయట వడగాలి కొడుతోంది' అని అమ్మ అంటే 'దేర్స్ ఎ హాట్ విండ్ బ్లోయింగ్'. కొంచెం బొమ్మ కట్టాలంటే 'ఇట్స్ లైక్ ఎ హెయిర్‌డ్రైయర్ అవుట్ దేర్' అనొచ్చు, వాళ్ళు అలాగే అంటారు. తేల్చుకోవడం సులువు. వాక్యంలో వీస్తోంది, కొడుతోంది, తగిలింది అని ఉంటే గాలి. తేదీలు, జిల్లాలు, హెచ్చరిక ఉంటే హీట్‌వేవ్.

హీట్‌వేవ్ అనగానే సరిపోదు, దాని కొలత దేశాన్ని బట్టి మారుతుంది. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 చేరాలి. దానికి తోడు అది ఆ కాలపు మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. మామూలుతో సంబంధం లేకుండా 45 చేరితే హీట్‌వేవే, 47 చేరితే తీవ్రమైనది. అంటే తీరంలో ఒక ఊరి మామూలు గరిష్ఠం 35 అనుకుంటే, 38 దగ్గర ఎంత అల్లాడినా లెక్కలోకి రాదు, 40 అయితే వస్తుంది. బ్రిటన్‌లో ఆ హద్దు ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 28 డిగ్రీలు, వరసగా మూడు రోజులు ఉంటే చాలు. మనం 28కి దుప్పటి వెతుక్కునే రోజులు ఉన్నాయి. అందువల్ల బ్రిటన్‌లో వాళ్ళకి 'వి ఆర్ హ్యావింగ్ ఎ హీట్‌వేవ్' అని మాత్రమే రాస్తే వాళ్ళు 28 ఊహించుకుంటారు. అంకె కలపండి: 'వి ఆర్ హ్యావింగ్ ఎ హీట్‌వేవ్, ఇట్ హిట్ 44 యెస్టర్డే.' అమెరికా వాళ్ళకైతే ఫారెన్‌హీట్‌లో 111 అని చెప్పండి. సెల్సియస్ 44 వాళ్ళలో చాలామందికి ఏ ఊహా ఇవ్వదు.

'ఎండలు ముదిరాయి' అనే మాటకి 'ఇట్స్ రియల్లీ హీటింగ్ అప్' బాగుంటుంది. రోహిణి కార్తె గురించి మాత్రం ఒక్క ముక్కలో సరిపెట్టలేం. 'రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి' అన్నది పెద్దమ్మ రాస్తే నేను మార్చకుండా అర్థం విప్పి రాస్తాను, మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఉండే రోజులనీ, రాతి రోళ్ళు కూడా పగిలే ఎండ అంటారనీ. వాళ్ళ సామెత ఏదో వెతికి పెడితే మన రోలు పోతుంది.

ఐదో అడుగు: వడదెబ్బ దగ్గర ఆగండి

మిగతా మాటలు తప్పితే నవ్వుకుని సర్దుకోవచ్చు. ఇది అలా కాదు. కాస్త తల తిరిగినా, కళ్ళు బైర్లు కమ్మినా, స్పృహ తప్పి పడిపోయినా మనం ఒక్కటే మాట అంటాం, వడదెబ్బ తగిలిందని. ఇంగ్లీషులో డాక్టర్లకి ఇవి రెండు వేర్వేరు విషయాలు. చెమటలు పట్టి, దాహం, తలనొప్పి, నీరసం, వాంతి వచ్చేలా ఉండి, నీడకి చేర్చి నీళ్ళిచ్చి చల్లబరిస్తే అరగంటలో తేరుకునేది 'హీట్ ఎగ్జాషన్'. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మనిషి అయోమయంలో పడితే అది 'హీట్‌స్ట్రోక్'. ప్రాణాపాయం, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని.

పెద్దమ్మ మెసేజ్‌ని మొదటిసారి నేను 'హీ హ్యాడ్ ఎ హీట్‌స్ట్రోక్' అని మార్చి పంపాను. అర్ధరాత్రి ఫోన్ మోగింది. ఆ కుర్రాడు కంగారు పడిపోయి టికెట్లు చూస్తున్నాడు. అక్కడ స్ట్రోక్ అనగానే పక్షవాతం కూడా గుర్తొస్తుంది. పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగితే సంగతి తేలింది. పెద్దనాన్న బ్యాంకు పని మీద మధ్యాహ్నం నడిచి వెళ్ళొచ్చారు, తల తిరిగింది, మజ్జిగ తాగి పడుకున్నారు, మర్నాడు కూడా నీరసంగా ఉంది. తెలివి తప్పలేదు, మాట తడబడలేదు. అప్పటి నుంచి 'వడదెబ్బ' కనపడగానే రెండు ప్రశ్నలు అడగందే ఇంగ్లీషు రాయను: మాట సరిగ్గా ఉందా? చల్లబరిస్తే ఎంతసేపటికి తేరుకున్నారు? తేలికపాటిది అయితే 'హీ హ్యాడ్ ఎ టచ్ ఆఫ్ హీట్ ఎగ్జాషన్' అంటాను. 'సన్‌స్ట్రోక్' మన ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉన్నా, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు లక్షణాలు చెప్పడమే మంచిది, పేరు ఆయనే పెడతారు.

2015 మే నెలలో వచ్చిన వడగాల్పులకి దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్ళకి వడదెబ్బ చిన్న మాట కాదు. అలాగని ప్రతిదానికీ పెద్ద మాట వాడితే, నిజంగా ప్రమాదం వచ్చిన రోజు చెప్పడానికి మాట మిగలదు.

చివరి అడుగు: మెసేజ్‌ని మార్చడం

ఇప్పుడు పెద్దమ్మ వాక్యాలని ఒక్కొక్కటిగా తీసుకుందాం. 'మొన్నటి దాకా ఒకటే వడగాలి' అన్నదాంట్లో గాలీ ఉంది, రోజులూ ఉన్నాయి. 'మొన్నటి దాకా' అనడం వల్ల వ్యవధి బరువు ఎక్కువ. ఇక్కడ హీట్‌వేవ్ పెట్టి, గాలిని పక్కన చేర్చాను. తాతయ్య సంగతి తేల్చుకున్నాం. 'మంచం దిగలేదు'కి 'ఇన్ బెడ్' చాలు. 'ఆకు కదలట్లేదు' అనేది గాలి ఆగిన ఉక్క. అవతల బ్రిటన్ కుర్రాడు కాబట్టి 'క్లోస్' వాడొచ్చు. ఆకుని మాత్రం వదలబుద్ధి కాలేదు. ఇంగ్లీషులోనూ 'నాట్ ఎ లీఫ్ ఈజ్ మూవింగ్' అని ఇబ్బంది లేకుండా అనొచ్చు. 'నాలుగు చినుకులు రాలి ఊరుకున్నాయి'లో 'ఊరుకున్నాయి' అన్న క్రియలో ఆశాభంగం ఉంది. పడతాయనుకుంటే పడలేదు. అందుకని 'అండ్ దట్ వాజ్ ఇట్'. మాంచెస్టర్ ముసురుకి 'ఆల్వేస్ డ్రిజ్లింగ్' చాలు. అక్కడ నిజంగా పడేది సన్నటి వానే, రోజూ చూసేవాడికి వ్యవధి విడిగా చెప్పక్కర్లేదు.

అన్నీ కలిపితే ఇలా వచ్చింది:

'వి హ్యాడ్ ఎ హీట్‌వేవ్ అంటిల్ ఎ కపుల్ ఆఫ్ డేస్ అగో, విత్ ఎ హాట్ విండ్ బ్లోయింగ్ ఆల్ డే. యువర్ గ్రాండ్‌ఫాదర్ గాట్ ఎ టచ్ ఆఫ్ హీట్ ఎగ్జాషన్ అండ్ స్పెంట్ టూ డేస్ ఇన్ బెడ్, బట్ హీ ఈజ్ ఫైన్ నౌ. ఇట్స్ బీన్ క్లౌడీ సిన్స్ దిస్ మార్నింగ్, సో క్లోస్ దట్ నాట్ ఎ లీఫ్ ఈజ్ మూవింగ్, అండ్ వి ఆర్ ఆల్ స్వెల్టరింగ్. దిస్ ఈవినింగ్ వి గాట్ ఎ ఫ్యూ డ్రాప్స్ అండ్ దట్ వాజ్ ఇట్. నౌ ఇట్స్ ఈవెన్ మగియర్. ఐ హియర్ ఇట్స్ ఆల్వేస్ డ్రిజ్లింగ్ వేర్ యూ ఆర్, సో డోంట్ ఫర్గెట్ యువర్ అంబ్రెల్లా.'

'హీ ఈజ్ ఫైన్ నౌ' అన్నది పెద్దమ్మ రాయలేదు. ఆమెని అడిగి నేను చేర్చాను. ఆ సాయంత్రం వాడి దగ్గర్నుంచి జవాబు వచ్చింది: 'తాతయ్యని నీడలో ఉండమని చెప్పు. ఇక్కడ ఇట్స్ స్పిటింగ్, గొడుగు తెచ్చుకున్నాను.' దాన్ని పెద్దమ్మకి తెలుగులో ఇలా పంపాను: 'చినుకులు మొదలయ్యాయట, గొడుగు చేతిలోనే ఉందట.'